గ్రామ్ పాజిటివ్ కణాలు గులాబీ రంగులో ఎందుకు కనిపిస్తాయి? ప్రయోగశాల సందేహాలకు సమాధానాలు

నల్లగొండలోని మా డిగ్రీ కళాశాలలో మైక్రోబయాలజీ చదివే విద్యార్థులు గ్రామ్ స్టెయిన్ ప్రాక్టికల్స్‌లో ఏటా అడిగే ప్రశ్నలివి. స్లైడు గులాబీ రంగులో కనిపించగానే రికార్డులో ‘గ్రామ్ నెగెటివ్’ అని రాయకుండా, ముందుగా ఈ సమాధానాలు చదవవలసిందిగా కోరుతున్నాను.

స్టెఫిలోకాకస్ స్లైడు పూర్తిగా గులాబీ రంగులో ఉంది. మొదట దేనిని అనుమానించాలి?

ఆల్కహాల్‌ను అనుమానించాలి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ దశలోనే జరుగుతాయి. గ్రామ్ పాజిటివ్ కణకవచంలో మందమైన పెప్టిడోగ్లైకాన్ పొర ఉంటుంది. ఆల్కహాల్ తగిలినప్పుడు ఆ పొరలోని నీరు తొలగి, సందులు ముడుచుకుపోయి, క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ కలిసి ఏర్పడిన పెద్ద సంయోగం లోపలే చిక్కుకుపోతుంది. అయితే ఆ పట్టు శాశ్వతం కాదు. ఆల్కహాల్‌ను అవసరానికి మించి పోస్తూ ఉంటే ఆ కణాలు కూడా ఊదా రంగును వదిలేసి, తర్వాత వేసే సాఫ్రనిన్‌ను పట్టుకుంటాయి.

స్లైడును వాలుగా పట్టుకుని చుక్కచుక్కగా ఆల్కహాల్ వేయండి. జారే ద్రవంలో ఊదా రంగు కనిపించడం ఆగిన క్షణంలోనే నీటితో కడగండి. 95 శాతం ఇథనాల్‌తో సాధారణంగా 10 నుంచి 15 సెకన్లు చాలు, అసిటోన్ కలిసిన ద్రావణమైతే అంతకంటే ఎంతో త్వరగా రంగు పోతుంది. అందువల్ల సీసా మారినప్పుడు పాత అలవాటుతో సెకన్లు లెక్కపెట్టడం ప్రమాదకరం.

సమయం సరిగానే పాటించాను. అయినా ఊదా, గులాబీ కణాలు కలిసి కనిపిస్తున్నాయి, ఎందుకు?

కల్చర్ వయస్సు ఎంతో చూడండి. దేవరకొండ, మిర్యాలగూడల నుంచి బస్సుల్లో వచ్చే విద్యార్థులు శనివారం ఇనాక్యులేట్ చేసి, ఆదివారం సెలవు కావడంతో సోమవారం మధ్యాహ్నం ప్లేటు తీస్తారు. అప్పటికి ఆ కల్చర్ వయస్సు దాదాపు 48 గంటలు. ముసలి కణాలలో వాటి సొంత ఎంజైములే కణకవచాన్ని కొరికి బలహీనపరుస్తాయి కాబట్టి అవి రంగును నిలుపుకోలేవు. బాసిల్లస్, క్లాస్ట్రీడియం ప్రజాతులలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 18 నుంచి 24 గంటల వయస్సున్న కొత్త కల్చర్‌తో మళ్ళీ చేయండి. ముసలిదైపోయిన ప్లేటును ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన అది మళ్ళీ లేతది కాదు.

రెండు రంగుల కణాల ఆకారాలు కూడా వేరుగా ఉంటే, ఉదాహరణకు ఊదా గోళాలు, గులాబీ దండాలు కలిసి ఉంటే, అది వయస్సు సమస్య కాదు, కల్చర్ కలుషితమైందని అర్థం. ఒక్క కాలనీని తీసుకుని స్ట్రీక్ చేసి వేరుచేయండి.

దీపం మీద ఎక్కువసేపు వేడి చేస్తే ఏమవుతుంది?

కణకవచం దెబ్బతిని రంగు కారిపోతుంది. స్మియర్‌ను గాలికి పూర్తిగా ఆరనిచ్చి, మంట మీదుగా రెండు మూడుసార్లు త్వరగా కదిపితే చాలు. స్లైడు అడుగుభాగాన్ని ముంజేతికి ఆనిస్తే వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు.

అయోడిన్ సీసా పాతది. దాని వల్ల ఇలా జరుగుతుందా?

తప్పకుండా జరుగుతుంది. అయోడిన్ లేకపోతే ఆ పెద్ద సంయోగమే ఏర్పడదు. క్రిస్టల్ వయొలెట్ ఒంటరిగా ఆల్కహాల్‌లో సులభంగా కొట్టుకుపోతుంది. మన వైపు వేసవి ఎండకు కిటికీ పక్కన ఉంచిన సీసాలో ద్రావణం త్వరగా బలం కోల్పోతుంది. ముదురు గోధుమ రంగు పలచబడి పసుపుగా మారితే ఆ ద్రావణాన్ని పారబోసి, కొత్తది తయారుచేసి గోధుమ రంగు సీసాలో చీకటి బీరువాలో పెట్టండి. అయోడిన్‌ను పూర్తి నిమిషం ఉంచారా, అసలు వేయడం మరచిపోయారా అన్నది కూడా నిజాయితీగా గుర్తుచేసుకోండి.

స్మియర్ అంచుల్లో గులాబీ, మధ్యలో ఊదా ఎందుకు?

మందం సమంగా లేకపోవడమే కారణం. పలుచటి అంచుల్లో రంగు ముందుగా పోతుంది, దట్టమైన మధ్యభాగంలో ఆలస్యంగా పోతుంది. కణాలు విడివిడిగా, ఒకే పొరగా ఉన్న చోటును చూసి మాత్రమే రంగు నిర్ణయించండి.

పొరపాటు నాదా, బాక్టీరియాదా అని తేల్చుకునేదెలా?

అదే స్లైడు మీద మూడు చుక్కలు పెట్టండి: ఒక చివర స్టెఫిలోకాకస్, మరో చివర ఇ. కోలై, మధ్యలో మీ నమూనా. మూడూ గులాబీ అయితే తప్పు ద్రావణాల్లోనో పద్ధతిలోనో ఉంది. స్టెఫిలోకాకస్ ఊదాగా, ఇ. కోలై గులాబీగా వచ్చి, నమూనా కూడా గులాబీ అయితే, దాని కల్చర్ వయస్సును, పెన్సిలిన్ వంటి కణకవచాన్ని దెబ్బతీసే మందు తగిలిందా అన్నదాన్ని పరిశీలించండి. ఇవేవీ కాకపోతే అది నిజంగానే గ్రామ్ నెగెటివ్ కావచ్చు.

అప్పటికీ సందేహముంటే స్లైడు మీద 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీని కలిపి, లూప్‌ను మెల్లగా పైకెత్తండి. గ్రామ్ నెగెటివ్ కణాలు పగిలి వాటి డి.ఎన్.ఏ. బయటికి రావడంతో జిగురు తీగలా సాగుతుంది. గ్రామ్ పాజిటివ్ అయితే సాధారణంగా సాగదు. ఆ ఫలితాన్ని గ్రామ్ స్టెయిన్ ఫలితం పక్కనే రికార్డులో రాయండి.