పీసీఓఎస్ ఉన్నవారికి వ్యాయామం: పన్నెండు వారాల తరగతికి వచ్చేవారి కోసం

జూన్‌లో హన్మకొండలో మొదలయ్యే తరగతిలో పేరు రాయించుకున్న మీ అందరికీ నమస్కారం. ఫిజియోథెరపిస్టుగా ఈ తరగతి నడిపే నన్ను మొదటి శనివారం ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, మూడు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గుతాను?" జవాబు ఇప్పుడే చెబుతాను. తిండిలో మార్పు లేకుండా వ్యాయామం ఒక్కటే చేస్తే చాలామందికి తగ్గేది కొద్దిగానే. కొందరికి ఏమీ తగ్గదు. అయినా చేయమనే అంటాను. ఎందుకో చెప్పడానికే ఈ కాగితం రాస్తున్నాను. అయిదో వారంలో తూకం కదలలేదని మానేసేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. సరిగ్గా అప్పుడే వాళ్ళ ఒంట్లో మంచి మార్పు మొదలై ఉంటుంది.

పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ ఉన్నా శరీరం దానికి సరిగా స్పందించదు. సన్నగా ఉన్నవాళ్ళలో కూడా ఇది కనిపిస్తుంది. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. నెలసరి తప్పడం, మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు చాలావరకు దీని వెనకే వస్తాయి. తిన్న అన్నం నుంచి వచ్చే చక్కెరలో పెద్ద వాటా వెళ్ళి చేరే చోటు మన కండరాలు. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. వ్యాయామం ముగిశాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట వింటుంది. తర్వాత ఆ ప్రభావం తగ్గిపోతుంది. అందుకే మన తరగతికి ఒక్కటే గట్టి నియమం: వరుసగా రెండు రోజులు ఖాళీగా వదలకండి. ఆదివారం గంటన్నర చేసి మిగతా వారమంతా ఊరుకోవడం కన్నా రోజు విడిచి రోజు అరగంట మేలు.

బరువులతో కసరత్తు

దీనికే మీరు ఎక్కువ భయపడతారు కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. "మగవాళ్ళలా కండలు వస్తాయేమో, ముందే మగ హార్మోన్ ఎక్కువని డాక్టరుగారు చెప్పారు" అని పోయినసారి ఒక అమ్మాయి మెల్లగా నా చెవిలో అంది. పీసీఓఎస్‌లో టెస్టోస్టిరాన్ పెరిగినా మామూలుగా అది మగవారి స్థాయికి చాలా దూరంలో ఉంటుంది. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తితే వచ్చేది బలం, కాస్త బిగువు. అంతకు మించి ఏమీ రాదు.

సోమవారం, గురువారం పెట్టుకోండి. రెండింటి మధ్య కనీసం ఒక రోజు విరామం ఉండాలి. ఒక్కొక్క కసరత్తు 8 నుంచి 12 సార్లు చేస్తే ఒక సెట్టు. మొదటి రెండు వారాలు రెండు సెట్లు, తర్వాత మూడు. సెట్టు ముగిసేసరికి "ఇంకో రెండుసార్లు చేయగలను, అంతకు మించి కష్టం" అనిపించాలి. ఇంకో పది చేయగలననిపిస్తే ఆ బరువు మీకు చాలదు.

మొదటిది కుర్చీ నుంచి లేవడం. ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి పెట్టండి, లేకపోతే వెనక్కి జారుతుంది. అంచు మీద కూర్చుని పాదాలు రెండూ నడుమంత ఎడంగా, మోకాళ్ళకు కొంచెం వెనకగా ఉంచండి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. తుంటి దగ్గర ముందుకు వంగి, మడమలతో నేలను తొక్కి లేవండి. అసలు పని దిగేటప్పుడు ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. దబ్బున పడిపోతే సగం ఫలితం పోయినట్టే. మోకాళ్ళు లోపలికి ముడుచుకుంటే బయటికి నెట్టి పట్టుకోండి. మోకాలి నొప్పి ఉన్నవారు కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. ఇది సులువైపోయాక అయిదు కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని లేవండి.

రెండోది బిందె ఎత్తడం. నిజం బిందె వద్దు, పిడి ఉన్న పది లీటర్ల నీళ్ళ డబ్బా తీసుకోండి. లీటరు నీళ్ళంటే కిలో బరువు, కాబట్టి ఇంట్లోనే లెక్కగా బరువు పెంచుకోవచ్చు. నాలుగు లీటర్లతో మొదలుపెట్టండి. డబ్బా పాదాల మధ్య ఉండాలి. వీపు నిటారుగా ఉంచి, తుంటిని వెనక్కి నెడుతూ వంగి, రెండు చేతులా పట్టుకుని లేవండి. తొడల వెనక పట్టినట్టు ఉంటే సరిగా చేస్తున్నారు. నడుములో పట్టినట్టు ఉంటే ఆపి, శనివారం నాకు చూపించండి. వరుసగా రెండు రోజులు అన్ని సెట్లలోనూ 12 సార్లు హాయిగా వస్తే ఇంకో లీటరు పోయండి.

మిగిలిన మూడూ తేలిక. గోడకు ఎదురుగా నిలబడి అరచేతులు ఛాతీ ఎత్తున ఆనించి వంగి లేవడం ఒకటి. పుస్తకాలో బియ్యమో నింపిన బ్యాగును ముందుకు వంగి నడుము వైపుకు లాగడం రెండోది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తుంటిని పైకెత్తడం మూడోది. ఏది చేసినా ఊపిరి బిగపట్టకండి. లేచేటప్పుడు వదలండి, దిగేటప్పుడు తీసుకోండి. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. మొదటి వారంలో మర్నాడు తొడలు నొప్పిపుడతాయి. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి వేరు, దాన్ని ఓర్చుకోకూడదు.

నడక, పరుగు, ఆట

పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల లెక్క ఇది: ఆరోగ్యం కోసం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన వ్యాయామం. దానితోపాటు రెండు రోజులు కండరాల కసరత్తు. బరువు కొంత తగ్గాలనుకునేవారికి, తగ్గినది మళ్ళీ పెరగకూడదనుకునేవారికి కనీసం 250 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం. పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిలకు రోజుకు గంట కదలిక, వారంలో మూడు రోజులైనా కండరాలు, ఎముకలు గట్టిపడే పని. ఏ వ్యాయామమూ మిగతా వాటికంటే గొప్పదని ఆ మార్గదర్శకాలు తేల్చలేదు. మీకు నచ్చి, మీరు కొనసాగించగలిగినదే మీకు సరైనది.

మధ్యస్థాయి అంటే మాట్లాడగలరు కానీ పాట పాడలేరు. తీవ్రం అంటే నాలుగు మాటలకే ఊపిరి అందదు. దీనికి చేతి గడియారం అక్కర్లేదు.

"పొద్దుటి నుంచి ఇంటిపనేగా మేడమ్, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని అడుగుతారు. ఆ పని చిన్నదని నేను ఎప్పుడూ అనను. గిన్నెలు తోమడం, వంట చేయడం ఒంటిని అలసిపోయేలా చేస్తాయి. కానీ గుండె వేగాన్ని చాలినంతసేపు పెంచవు. అలసట వేరు, తర్ఫీదు వేరు. ఒకేసారి అరగంట కుదరకపోతే అన్నం తిన్నాక పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. తిన్నాక నడిస్తే పెరగబోయే చక్కెర కూడా కొంత అదుపులో ఉంటుంది. వీధిలో కుక్కలు, చీకటి, చూపులు ఇబ్బంది పెడితే మేడమీద నడవండి, మెట్లెక్కండి. తలుపు వేసుకుని బతుకమ్మ పాటలకు అరగంట ఆడినా లెక్కే, చేతులు పైకెత్తి ఆడితే ఇంకా మంచిది.

ఫోనులో చూసి చాలామంది ఒక మాట పట్టుకొస్తున్నారు: పీసీఓఎస్ ఉన్నవాళ్ళు వేగంగా, గట్టిగా వ్యాయామం చేస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి జబ్బు ముదురుతుందని. దానికి భయపడి పరుగు మానుకోవలసిన అవసరం లేదు. తీవ్రమైన వ్యాయామంతో ఇన్సులిన్ స్పందన, గుండె సామర్థ్యం మెరుగవుతాయని పరిశోధనలు చూపించాయి. కాకపోతే మొదటి నెల నడకతోనే పోనివ్వండి. ఆ తర్వాత ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మెల్లగా, ఆరుసార్లు. వారానికి ఒక రోజు చాలు.

ఏమి ఆశించవచ్చు

పోయిన బ్యాచ్‌లో రోజంతా మిషను మీద కూర్చుని కుట్టుపని చేసే ఒకామె ఉన్నారు. ఆమె అనుమతితో ఆమె నోటుబుక్కులోని అంకెలు చెబుతున్నాను. మొదటి రోజు బరువు 71.4 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు, ముప్పై సెకన్లలో కుర్చీ నుంచి లేచినది 11 సార్లు. అయిదో వారం బరువు 71.6. ఆ పేజీ అడుగున "ఇక నా వల్ల కాదు" అని రాసుకున్నారు. అదే రోజు టేపు పెట్టి చూస్తే నడుము 92, కుర్చీ లెక్క 15. పన్నెండో వారానికి బరువు 70.1, నడుము 90, కుర్చీ 18. రెండు నెలలకోసారి వచ్చే నెలసరి చివరిసారి 44 రోజులకు వచ్చింది. తగ్గిన బరువు కిలోన్నర కూడా లేదు. ఈ అంకెలు మీకూ ఇలాగే వస్తాయని మాట ఇవ్వలేను.

సాధారణంగా మొదటి మూడు వారాల్లో నిద్ర, మనసు కుదుటపడతాయి. ఆరు వారాలకు మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుంది. రక్తంలో మూడు నెలల సగటు చక్కెర పరీక్ష మారిందో లేదో పన్నెండు వారాల తర్వాతే తెలుస్తుంది. నెలసరి కొందరికి మూడు నుంచి ఆరు నెలల్లో దారిన పడుతుంది, కొందరికి పడదు. మీరు శ్రద్ధగా చేయలేదు కాబట్టే పడలేదని ఎవరైనా అంటే నమ్మకండి. అవాంఛిత రోమాలు మాత్రం వ్యాయామంతో కంటికి కనిపించేంత తగ్గవు. వాటికి వేరే చికిత్స ఉంది. దాని ఫలితానికీ ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. ఇక స్కానింగులో కనిపించే "నీటి బుడగలు" అండాశయంలో అండాలు పెరిగే, ఎదుగుదల ఆగిన చిన్న సంచులు. అవి కరిగాయా లేదా అని మళ్ళీ మళ్ళీ స్కాన్ చేయించుకుని డబ్బు పోగొట్టుకోవద్దు.

బరువు తగ్గవలసినవారికి ఉన్న బరువులో అయిదు శాతం తగ్గినా మేలు కనిపిస్తుంది. 72 కిలోలుంటే అది 3.6 కిలోలు. అందుకు పళ్ళెంలో అన్నం తగ్గి పప్పు, గుడ్డు, కూరగాయలు పెరగాలి. సన్నగా ఉన్నవారు బరువు తగ్గించుకోనక్కర్లేదు, కసరత్తు మాత్రం మానకండి.

మొదలుపెట్టే ముందు

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, అదుపులో లేని రక్తపోటు ఉంటే డాక్టరుగారిని కలిశాకే రండి. నెలసరి తప్పితే అది పీసీఓఎస్ వల్లేనని అనుకోకుండా, గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు పరీక్ష చేసుకోండి. మూడు నెలలు దాటినా రాకపోతే వ్యాయామంతో సర్దుకుంటుందని ఎదురుచూడవద్దు. గర్భసంచి లోపొర మందం పెరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి చూపించుకోవాలి. రక్తస్రావం ఎక్కువగా ఉండి నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. గట్టిగా గురక, పగలు ఆగని మగత ఉంటే అదీ చెప్పండి. ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు బెల్లం ముక్కో చక్కెరో దగ్గర పెట్టుకోండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. ఇంకొకటి: నెలసరి దారిన పడుతుంటే అండం విడుదలవుతున్నట్టే. ఇప్పుడు బిడ్డ వద్దనుకునేవారు గర్భనిరోధం సంగతి ముందే మాట్లాడుకోండి.

మొదటి శనివారం ఉదయం ఆరు గంటలకు రండి. దుస్తుల కొలత తీసుకునే టేపు, నోటుబుక్కు, మంచినీళ్ళు తెచ్చుకోండి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. నడుము కొలత, ముప్పై సెకన్ల కుర్చీ లెక్క ఆ రోజే రాసుకుందాం. బరువు చూసే యంత్రం మాత్రం ఆరో వారం వరకు బయటకు తీయను.