ప్రయోగం 7: సోడియం బోరోహైడ్రైడ్‌తో బెంజోఫినోన్ క్షయకరణం – టీఎల్‌సీ పరిశీలన

మంచు తొట్టిలో ఉంచిన ఫ్లాస్కులో 1.82 గ్రా. (10 మి.మోల్) బెంజోఫినోన్‌ను 20 మి.లీ. మిథనాల్‌లో కరిగించి, 0.38 గ్రా. NaBH4ను కొద్దికొద్దిగా కలిపాను. చర్య ఎక్కడి దాకా వచ్చిందో సిలికా జెల్ ఎఫ్254 ప్లేట్లపై చూశాను.

ద్రావణి ఎంపిక

చర్య మొదలుపెట్టక ముందే బెంజోఫినోన్, బెంజ్‌హైడ్రాల్ నమూనాలను పక్కపక్కనే పెట్టి పరీక్షించాను. ఒట్టి హెక్సేన్‌లో ఆల్కహాల్ మొదటి గీత మీద నుంచి కదలలేదు, కీటోన్ కొద్దిగా జరిగింది. ఒట్టి ఇథైల్ అసిటేట్‌లో రెండూ పైకి పరుగెత్తి దాదాపు కలిసిపోయాయి. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ 9:1లో ఆల్కహాల్ ఇంకా కిందే ఉంది (0.12). 4:1లో రెండు మచ్చలూ ఎడంగా, గుండ్రంగా వచ్చాయి. అదే వాడాను.

Rf లెక్క

ప్లేటు తీసిన వెంటనే, ఆరక ముందే, ద్రావణి అంచును పెన్సిల్‌తో గీశాను. మొదటి గీత నుంచి అంచుకు 5.0 సెం.మీ. దూరాలను మచ్చ మధ్య నుంచి కొలిచాను.

బెంజోఫినోన్: 3.1 / 5.0 = 0.62
బెంజ్‌హైడ్రాల్: 1.6 / 5.0 = 0.32

ఆల్కహాల్‌లోని OH సిలికా ఉపరితలంతో హైడ్రోజన్ బంధం ఏర్పరుస్తుంది కాబట్టి అది వెనుకబడటం సహజమే.

చర్య పురోగతి

ప్రతి ప్లేటుపైనా మూడు వరుసలు: ఎడమ బెంజోఫినోన్, కుడి చర్యా మిశ్రమం, మధ్యలో ఆ రెండూ ఒకదానిపై ఒకటి. 10 నిమిషాల నమూనాను ఫ్లాస్కు నుంచి నేరుగా పెట్టడం నా పొరపాటు. మిథనాల్, లవణాల వల్ల మచ్చ తోకలా సాగి, Rf చదవడానికి వీల్లేకపోయింది. ఆ తర్వాత ఒక్కో చుక్కను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి, ఇథైల్ అసిటేట్‌తో కుదిపి, పై పొరనే వాడాను.

30 నిమిషాలకు 254 నానోమీటర్ల కాంతిలో 0.62 వద్ద మచ్చ ఇంకా నల్లగా కనిపించింది. చర్య సగమే అయిందనుకోబోయాను. కానీ బెంజోఫినోన్ ఆ కాంతిని చాలా బలంగా పీల్చుకుంటుంది, బెంజ్‌హైడ్రాల్ బలహీనంగా పీల్చుకుంటుంది. అంటే మచ్చల ముదురుతనాన్ని పరిమాణంగా చదవకూడదు. అదే ప్లేటును అయోడిన్ జాడీలో ఉంచితే 0.32 మచ్చే స్పష్టంగా గోధుమరంగు తేలింది.

60 నిమిషాలకు మిశ్రమం వరుసలో 0.62 వద్ద ఏమీ లేదు. అనుమానం తీరక, అదే చోట మూడుసార్లు చుక్క పెట్టి మళ్లీ నడిపాను; అప్పుడూ కనిపించలేదు. మధ్య వరుసలో మాత్రం రెండు మచ్చలూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ప్లేటు సరిగానే నడిచింది. అక్కడితో చర్యను ఆమ్లంతో ఆపాను.

ఫలితం

పునఃస్ఫటికీకరణ తర్వాత 1.58 గ్రా. తెల్లని స్ఫటికాలు (86 శాతం), ద్రవీభవన స్థానం 66–68 డిగ్రీల సెల్సియస్. చివరి ప్లేటుపై ఒకే మచ్చ, Rf 0.32.