గుడ్డు, చికెన్ పూర్తిగా ఉడికాకే ఎందుకు పెడుతున్నామంటే

హనుమకొండ
14 జూలై 2025

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శుక్రవారం మన బడి క్యాంటీన్‌లో పిల్లలకు మధ్యాహ్నం భోజనం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. సాయంత్రానికల్లా చాలామంది ఫోన్ చేశారు. కొందరు కోపంగా అడిగారు, కొందరు నెమ్మదిగా అడిగారు. అందరి ప్రశ్న ఒకటే: "కూర ఉడికిపోయిందంట కదా, మరి పిల్లల్ని ఎందుకు నిలబెట్టారు?" ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. అందరికీ ఒకేసారి పూర్తిగా చెబితే బాగుంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరోజు జరిగింది ఇది. పన్నెండుంబావుకు గంజు మూత తీస్తే చికెన్ కూర తుకతుక ఉడుకుతోంది. నూనె పైకి తేలింది, వాసన కూడా బాగుంది. ఇంట్లో అయితే ఎవరైనా దించేస్తారు. మా దగ్గర దించే ముందు లోపలి వేడి చూసే థర్మామీటర్ వాడతాం. సన్నని సూదిలా ఉంటుంది, ముక్కలోకి గుచ్చితే వేడి ఎంతో చూపిస్తుంది. పైన ఉన్న మెత్తటి ముక్కలు 80 డిగ్రీలు దాటాయి. అడుగు నుంచి ఒక లెగ్ ముక్క తీసి, బొక్క పక్కన గుచ్చితే 66 దగ్గర ఆగింది. ఇంకోటి చూస్తే 68. మాకు కావాల్సింది 74. పొయ్యి మళ్లీ పెంచి, మూత పెట్టి, కింది ముక్కలు పైకి వచ్చేలా తిప్పించాను. అన్నీ 74 దాటాకే వడ్డించాం.

పులుసు మరుగుతుంటే ముక్క ఎందుకు ఉడకలేదంటే, తప్పు పొద్దున్నే జరిగింది. ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాల్సిన చికెన్‌ను ఆరోజు తెల్లవారుజామున తీశారు. పైకి మెత్తబడింది కానీ లెగ్ ముక్కల్లో బొక్క చుట్టూ ఇంకా గడ్డగానే ఉంది. ఆ మంచు కరగడానికే సగం మంట ఖర్చవుతుంది. ఇది మా పొరపాటు. ఇకమీదట గురువారం సాయంత్రం నేనే దగ్గరుండి ఫ్రిజ్‌లోకి మార్పిస్తాను.

ఇక 74 అనే పట్టింపు ఎందుకంటే, పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కోడి పేగుల్లో ఉండేవి, కోసేటప్పుడు మాంసానికి అంటుకుంటాయి. మంచి దుకాణంలో కొన్నా, కళ్ల ముందే కోయించినా, నాటుకోడి అయినా ఈ మాట మారదు. ముక్క లోపల 74 డిగ్రీలకు చేరితే ఇవి వెంటనే చచ్చిపోతాయి. అంతకంటే తక్కువ వేడిలో కూడా చస్తాయి, కాకపోతే ఆ వేడి అలాగే కొన్ని నిమిషాలు నిలవాలి. నాలుగు ముక్కల గిన్నెలో ఆ లెక్క చూసుకోవచ్చేమో కానీ, పెద్ద గంజులో ఏ ముక్క ఎంతసేపు ఎంత వేడిలో ఉందో ఎవరు చెప్పగలరు? అందుకే ఒకటే అంకె పెట్టుకున్నాం.

కొందరు అమ్మలు అడిగారు: "పసుపు, ఉప్పు వేసి బాగా కడిగితే పోదా?" పోదు. మా అమ్మ కూడా అలాగే కడిగేది, నీచు వాసన తగ్గుతుంది, అంతవరకే. నిమ్మకాయ పిండినా, పెరుగులో నానబెట్టినా రుచి వస్తుంది, ముక్క మెత్తబడుతుంది, బాక్టీరియా మాత్రం అక్కడే ఉంటుంది. పైగా నల్లా కింద కడిగితే ఆ నీళ్ల తుంపరలు సింకు మీద, పక్కనున్న కొత్తిమీర మీద, మన చేతుల మీద పడతాయి. అందుకే మా వంటింట్లో పచ్చి చికెన్‌ను నల్లా కింద కడగడం మానేశాం. మొదట్లో మా వంట అక్కలు ఒప్పుకోలేదు. "కడగకుండా వండితే తినబుద్ధవుతుందా సార్?" అన్నారు. ఆ వాదన వారం నడిచింది. ఇప్పుడు చికెన్‌కు కత్తి వేరు, పలక వేరు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటేనే ఉల్లిగడ్డ పట్టుకోవాలి.

రంగు గురించి కూడా చెప్పాలి. జూన్‌లో ఒక నాన్నగారు బాబు ప్లేట్ ఫోటో పంపారు, బొక్క దగ్గర ఎర్రగా ఉందని. ఆయన అనుమానం న్యాయమే. కానీ ఇప్పుడు దొరికే కోళ్లు లేతవి, బొక్కలు పూర్తిగా గట్టిపడవు. లోపలి మూలుగ రంగు బయటికి ఊరి, పూర్తిగా ఉడికినా పక్కన మాంసం ఎర్రగానే కనిపించవచ్చు. తెల్లగా కనిపించిన ముక్క లోపల తగినంత వేడి చేరకపోనూ వచ్చు. కంటిని నమ్మలేకే ఆ సూది కొన్నాం. అది సరిగ్గా చూపిస్తోందా అని ప్రతి సోమవారం ఐస్ ముక్కలు వేసిన నీళ్లలో ముంచి చూస్తాను, సున్నా దగ్గర ఉండాలి.

ఇక గుడ్డు. సోమవారం, బుధవారం ఉడకబెట్టిన గుడ్డు ఇస్తున్నాం కదా. దీని మీద రెండు వైపుల నుంచీ ఫిర్యాదులున్నాయి.

మొదటిది, గుడ్డు రబ్బరులా ఉందని. పోయిన బుధవారం నిజంగానే అలా ఉంది, నేనూ తిన్నాను. ఎక్కువసేపు మరిగించి, దించాక వేడి నీళ్లలోనే వదిలేశారు. పూర్తిగా ఉడకాలంటే గంటసేపు మరిగించమని కాదు. నీళ్లు మరిగాక పన్నెండు నిమిషాలు చాలు. అన్ని గుడ్లు ఒకేసారి వేయగానే మరుగు ఆగిపోతుంది కాబట్టి, మళ్లీ మరగడం మొదలయ్యాకే టైమ్ లెక్కపెట్టాలి. తర్వాత చల్లని నీళ్లలో వేస్తే సరి, గట్టిపడదు, పెంకూ తేలిగ్గా వస్తుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత చూసి పాడైందని పారేస్తున్న పిల్లలున్నారు. అది సొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి వచ్చే రంగు. ఎక్కువ ఉడికిందని గుర్తు, విషం కాదు. తినొచ్చని పిల్లలకు మీరూ చెప్పండి.

రెండోది, హాఫ్ బాయిల్ కావాలని. కబడ్డీ ఆడే పిల్లల తల్లిదండ్రులు ముగ్గురు అడిగారు, ఒకరైతే పచ్చిగుడ్డు పాలలో కొట్టి ఇవ్వమన్నారు, బలమని. క్షమించండి, మా దగ్గర కుదరదు. సాల్మొనెల్లా పెంకు మీదే కాదు, కోడికి ఆ ఇన్ఫెక్షన్ ఉంటే గుడ్డు తయారయ్యేటప్పుడే లోపలికి చేరుతుంది. పెంకు శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నా లోపల ఉండొచ్చు. నీళ్లలో వేస్తే మునిగిందా తేలిందా అనే పరీక్ష గుడ్డు పాతదా కొత్తదా చెబుతుంది, ఈ సంగతి చెప్పదు. సొన కారుతోందంటే అక్కడికి వేడి సరిగా చేరలేదన్నట్టే. బలం మాటకొస్తే, పచ్చిగుడ్డులోని ప్రొటీన్ దాదాపు సగమే ఒంటికి పడుతుంది, ఉడికిన గుడ్డులోది తొంభై శాతం దాకా పడుతుంది. పిల్లవాడికి బలం కావాలంటే రెండో గుడ్డు అడగమనండి, ఇస్తాం. ఆమ్లెట్, గుడ్డు పొరటు చేసిన రోజు కూడా తడి లేకుండా గట్టిపడేదాకా వేయిస్తాం. పగుళ్లున్న గుడ్లు పొయ్యి దాకా రానివ్వం, పోయిన వారం పదకొండు పక్కన పడేశాం.

శాండ్విచ్‌లో మయోనైజ్ ఎందుకు తీసేశారని తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను నిలదీశారు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది. నిషేధం ముగిసినా మేం మళ్లీ తేము. గుడ్డలో వడగట్టిన గడ్డ పెరుగులో మిరియాలు, వెల్లుల్లి కలిపి ఇస్తున్నాం. బాగాలేదంటున్నారు. కొంచెం మార్చి చూస్తాం.

ఈ ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చాలామంది టెన్షన్ పడి చికెన్ ఆపేయమన్నారు. అప్పుడు చెప్పిందే మళ్లీ చెబుతున్నాను: ఆ వైరస్ కూడా ఈ వేడికి నిలవదు. పూర్తిగా ఉడికించాలన్న నియమం ఒక్క రోగం కోసం పెట్టింది కాదు.

ఇదంతా ఇంత పట్టింపుగా ఎందుకంటే, పదేళ్ల కింద నేను వంట చూసుకున్న ఒక ఫంక్షన్‌లో ఇలాగే తొందరపెట్టారు. బారాత్ వచ్చేసింది, దించేయండి అన్నారు, దించేశాం. మర్నాడు మధ్యాహ్నానికి వాంతులు, విరేచనాలు, జ్వరం. పెద్దవాళ్లు రెండు రోజుల్లో లేచారు. ఒక నాలుగేళ్ల పాపకు మాత్రం నాలుగు రోజులు సెలైన్ పెట్టాల్సి వచ్చింది. చిన్నపిల్లల ఒంట్లో నీళ్లు త్వరగా అయిపోతాయి. మన నర్సరీ, ఎల్‌కేజీ లైన్ చూసినప్పుడల్లా ఆ పాపే గుర్తొస్తుంది.

మీ నుంచి నాకు కావాల్సినవి రెండు. ఒకటి, ఇంటి నుంచి పంపే డబ్బా. పొద్దున ఏడింటికి కట్టింది పిల్లలు తినేది పన్నెండు నలభైకి. మన ఎండల్లో ఐదున్నర గంటలకు పైనే బ్యాగులో ఉంటుంది. అందుకని హాఫ్ బాయిల్, చికెన్ కూర, రాత్రి మిగిలిన బిర్యానీ దయచేసి పెట్టకండి. బయట గంటలకొద్దీ ఉన్నదాంట్లో బాక్టీరియా పెరిగిపోతుంది, కొన్ని వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మేం కూడా మిగిలిన చికెన్ ఎవరికీ కట్టి ఇవ్వం, ఎంత అడిగినా.

రెండోది, పిల్లలకు విరేచనాలు, జ్వరం వస్తే అదేరోజు నాకు చెప్పండి. అందరం ముందురోజు తిన్నదాన్నే అనుమానిస్తాం, కానీ సాల్మొనెల్లా సాధారణంగా ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు బయటపడుతుంది. కాబట్టి మూడు రోజుల్లో బడిలో, ఇంట్లో, బండి దగ్గర ఏం తిన్నారో గుర్తుచేసుకోండి. మేం వండిన ప్రతి వంటకం నుంచి ఒక చిన్న డబ్బా తీసి, తేదీ రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతున్నాం. ఎవరైనా పరీక్ష చేయించాలంటే అదే పనికొస్తుంది. డాక్టర్‌కు చూపించడం మాత్రం మా ఫోన్ కోసం ఆపకండి.

శాకాహారం తినే పిల్లలకు గరిటెలు, కౌంటర్ ఎప్పటిలాగే వేరు.

నమ్మకం కుదరకపోతే ఏ శుక్రవారమైనా పన్నెండింటికి వంటింటికి రండి. చెప్పులు బయట విడిచి, తలకు టోపీ పెట్టుకుంటే చాలు. సూది మీ చేతికే ఇస్తాను, మీకు నచ్చిన ముక్కలో గుచ్చి చూడండి. ఈ శుక్రవారం కూడా అంకె రాకపోతే భోజనం ఆలస్యమే అవుతుంది. ఆ కాసేపు పిల్లలకు అరటిపండు ఇచ్చే ఏర్పాటు చేశాను.

ఇట్లు,
క్యాంటీన్ మేనేజర్