జవాబు 1 ఆంపియరే, కానీ లెక్క తప్పు

తమ్ముడూ, నువ్వు పంపిన రెండు పేజీలూ చూశాను. R5లో 1 ఆంపియర్ వచ్చింది, పుస్తకం వెనక ఇచ్చిన జవాబు కూడా అదే, కానీ బ్యాటరీ కరెంటు మాత్రం నీకు 3.56, నీ ఫ్రెండ్‌కి 4 వచ్చింది, ఎవరిది కరెక్టని అడిగావు. నీ ఫ్రెండ్‌దే. నీ 1 ఆంపియర్ అదృష్టం కొద్దీ కలిసిందంతే. ఎలా కలిసిందో చూస్తే నాకే ముచ్చటేసింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సర్క్యూట్ ఒకసారి చెప్పుకుందాం, ఇద్దరం ఒకే బొమ్మ చూస్తున్నామో లేదో తేలుతుంది. 24 వోల్టుల బ్యాటరీ ప్లస్ A దగ్గర, మైనస్ D దగ్గర ఉన్నాయి. A నుంచి B కి R1 = 4 ఓంలు, A నుంచి C కి R2 = 14, B నుంచి D కి R3 = 6, C నుంచి D కి R4 = 5. మధ్యలో B, C లను కలుపుతూ R5 = 2 ఓంలు. బ్యాటరీ ఇంటర్నల్ రెసిస్టెన్స్ లేదు. ఇది బ్యాలెన్స్ అయిన బ్రిడ్జి కాదు (4×5, 14×6 సమానం కావు), కాబట్టి R5ని తీసి పక్కన పెట్టే వీలు లేదు.

నువ్వు మూడు మెష్ కరెంట్లూ గడియారం ముల్లు దిశలోనే తీసుకున్నావు: బ్యాటరీ ఉన్న లూప్‌లో i1, పై లూప్‌లో i2, కింది లూప్‌లో i3. అంతవరకూ బాగుంది. నువ్వు రాసిన సమీకరణాలు ఇవి:

```
10*i1 - 4*i2 - 6*i3 = 24
-4*i1 + 20*i2 + 2*i3 = 0
-6*i1 + 2*i2 + 13*i3 = 0
```

రెండో లైన్లో +2*i3, మూడో లైన్లో +2*i2 ఉన్నాయి చూడు, తప్పు అక్కడే ఉంది. మూడు కరెంట్లూ ఒకే వైపు తిరిగేటప్పుడు రెండు లూపులకీ ఉమ్మడిగా ఉన్న R5లో అవి ఒకదానికొకటి ఎదురెదురుగా పోతాయి. కాబట్టి ఆ రెండు చోట్లా మైనస్ 2 రావాలి. R1, R3ల దగ్గర మైనస్ సరిగ్గానే వేసి, R5 దగ్గర మాత్రం మర్చిపోయావు.

నీ సమీకరణాలను నీలాగే సాధిస్తే i1 = 32/9, i2 = 5/9, i3 = 14/9. R5లో B నుంచి C వైపు కరెంటు i3 − i2 = 9/9 = 1. అసలు జవాబు కూడా 1. R1లో i1 − i2 = 3, R3లో i1 − i3 = 2, అవి కూడా అసలు జవాబులే! తప్పు పోయి R2, R4, బ్యాటరీ దగ్గర దాక్కుంది. ప్రశ్న R5 గురించే అడిగింది కాబట్టి నీకు ఫుల్ మార్కులు పడేవి.

ఇప్పుడు చెకింగ్ సంగతి. నోడ్ దగ్గర సరిచూశాను, అన్నీ కలిశాయి అని రాశావు. నిజమే, B దగ్గర 3 = 2 + 1. C దగ్గర 5/9 + 1 = 14/9. కానీ మెష్ కరెంట్లతో లెక్క చేసినవాళ్ళకి ఈ చెక్ వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ప్రతి మెష్ కరెంటూ ఒక నోడ్‌లోకి ఎంత వస్తే అంతా బయటికి పోతుంది. కాబట్టి i1, i2, i3లకు నోటికొచ్చిన అంకెలు వేసినా నోడ్ దగ్గర కూడిక కలుస్తుంది. లూప్ పద్ధతితో చేస్తే వోల్టేజీలు చెక్ చేయాలి, నోడ్ పద్ధతితో చేస్తే కరెంట్లు చెక్ చేయాలి. నువ్వు వేటితో లెక్క మొదలుపెట్టావో వాటితోనే చెక్ చేస్తే, నీ తప్పు నీకే ఒప్పులా కనిపిస్తుంది.

నీ కరెంట్లతో వోల్టేజీలు చూడు. A నుంచి B మీదుగా C కి వెళ్తే 4×3 + 2×1 = 14 వోల్టుల డ్రాప్. A నుంచి నేరుగా R2 గుండా వెళ్తే 14×5/9 = 7.78. రెండు బిందువుల మధ్య రెండు వోల్టేజీలు ఉండవు కదా. ఇక్కడే దొరికిపోయింది.

పవర్ బ్యాలెన్స్ వేసినా దొరికేది. బ్యాటరీ ఇచ్చేది 24 × 32/9 = 85.33 వాట్లు. రెసిస్టర్లలో ఖర్చయ్యేది వరసగా 36 + 4.32 + 24 + 12.10 + 2 = 78.42. దాదాపు 7 వాట్లు లెక్కకు రాకుండా పోయాయి. రౌండింగ్‌లో ఇంత తేడా రాదు.

ఇక అసలు జవాబును నోడ్ పద్ధతిలో తేల్చేద్దాం. D ని సున్నా వోల్టులుగా తీసుకుంటే:

```
(VB-24)/4 + VB/6 + (VB-VC)/2 = 0    ->   11*VB - 6*VC = 72
(VC-24)/14 + VC/5 + (VC-VB)/2 = 0   ->  -35*VB + 54*VC = 120
```

VB = 12, VC = 10. అంటే R1లో 12/4 = 3, R2లో 14/14 = 1, R3లో 12/6 = 2, R4లో 10/5 = 2, R5లో 2/2 = 1 ఆంపియర్, B నుంచి C కి. బ్యాటరీ నుంచి 3 + 1 = 4, D దగ్గర తిరిగి చేరేది 2 + 2 = 4. పవర్ చూస్తే ఇచ్చింది 24×4 = 96, ఖర్చయింది 36 + 14 + 24 + 20 + 2 = 96.

అయితే పవర్ కలిసింది కదా అని కూడా నిశ్చింతగా ఉండకు. అందులో కరెంటు వర్గం అవుతుంది కాబట్టి దిశ కనపడదు. R5 కరెంటును C నుంచి B కి అని తిప్పి రాసినా 96 కి 96 వస్తుంది. దాన్ని పట్టుకునేది B దగ్గరి కూడికే: 3 + 1 వచ్చి 2 పోతోంది, కలవదు. ఇంకా చెప్పాలంటే, అన్ని కరెంట్లూ సున్నా అని రాసినా పవర్ బ్యాలెన్స్ అవుతుంది! లూప్, నోడ్ సమీకరణాలు రెండూ నిజమైతే పవర్ దానంతటదే కలుస్తుంది (దీన్నే టెల్లెజెన్ సిద్ధాంతం అంటారు, 1952 నాటిది). పవర్ కలిసింది కాబట్టి అవి రెండూ నిజమే అని మాత్రం అనలేం.

లెక్క మొదలుపెట్టకముందే నేను చేసే పని ఇంకోటుంది. R5ని తీసేస్తే మొత్తం రెసిస్టెన్స్ 10, 19 ఓంలు పారలల్, అంటే 6.55. R5 బదులు వైర్ పెడితే 5.84. అసలుది ఈ రెండిటి మధ్యే ఉండాలి. కాబట్టి బ్యాటరీ కరెంటు 3.66 నుంచి 4.11 లోపే రావాలి. నీ 3.56 ఆ హద్దు దాటి కిందికి పోయింది. నీ ఫ్రెండ్ 4 లోపలే ఉంది. రెండు నిమిషాల పని, ఒక్క సమీకరణం కూడా అక్కర్లేదు.

ఒక్క తప్పును మాత్రం ఈ చెక్‌లేవీ పట్టుకోలేవు. ప్రశ్నలోని 5 ఓంలను 15 అని దించుకుంటే నోడ్లు, లూపులు, వాట్లు, హద్దులు అన్నీ చక్కగా కలుస్తాయి, వేరే సర్క్యూట్‌కి. అందుకే చివర్లో ఒకసారి బొమ్మ మీది అంకెలను ప్రశ్నతో పోల్చుకో.

నీ రెండో, మూడో సమీకరణాల్లో ఆ ప్లస్ 2లను మైనస్ 2లు చేసి మళ్ళీ సాధించు. i1 = 4, i2 = 1, i3 = 2 రావాలి. రాకపోతే ఆ పేజీ కూడా ఫోటో తీసి పంపు.