తయారీయా, కొనుగోలా: ఉపాంత వ్యయ పద్ధతిలో ఒక ప్రశ్న, జవాబు

ప్రశ్న (15 మార్కులు): ఒక కంపెనీ ఏటా 5,000 మోటారు పంపులు తయారుచేసి ఒక్కోటి రూ.6,000కు అమ్ముతోంది. పంపు చర వ్యయం రూ.4,200. కంపెనీ మొత్తం స్థిర వ్యయాలు రూ.54,00,000. ప్రతి పంపుకూ ఒక స్టార్టర్ ప్యానెల్ కావాలి, దాన్ని కంపెనీయే తయారుచేస్తోంది. ప్యానెల్ ఖర్చు ఇలా ఉంది:

| వివరం | రూ. |
|---|---|
| ముడిసరుకు | 420 |
| కూలీ | 180 |
| చర ఓవర్‌హెడ్లు | 60 |
| స్థిర ఓవర్‌హెడ్లు | 140 |
| మొత్తం | 800 |

బయటి సప్లయర్ ఇదే ప్యానెల్‌ను రూ.720కు ఇస్తానంటున్నాడు, అయితే మొత్తం 5,000 తీసుకోవాలి. తయారీ ఆపేస్తే ప్యానెల్ సెక్షన్ సూపర్‌వైజర్ జీతం ఏడాదికి రూ.1,00,000 మిగులుతుంది. మిగతా స్థిర ఓవర్‌హెడ్లు తగ్గవు.

(అ) పంపుకు కాంట్రిబ్యూషన్, బ్రేక్ ఈవెన్ పాయింట్, లాభం కనుక్కోండి.
(ఆ) ప్యానెల్ తయారుచేయాలా, కొనాలా?
(ఇ) ప్యానెల్‌కు 2 మెషీన్ గంటలు పడతాయి. ఆ గంటల్లో కూలర్ మోటార్లు చేయవచ్చు: ఒక్కోదానికి 4 గంటలు, కాంట్రిబ్యూషన్ రూ.300. అప్పుడు సూపర్‌వైజర్ ఉండాల్సిందే. నిర్ణయం మారుతుందా?

జవాబు

(అ) కాంట్రిబ్యూషన్ = 6,000 − 4,200 = రూ.1,800
పి/వి నిష్పత్తి = 1,800 ÷ 6,000 = 30%
బ్రేక్ ఈవెన్ = 54,00,000 ÷ 1,800 = 3,000 పంపులు
లాభం = (5,000 × 1,800) − 54,00,000 = రూ.36,00,000

(ఆ) 800తో 720ని పోల్చి "కొనాలి" అని రాస్తే మార్కులు పోయినట్టే. ఆ 140లో చాలా భాగం కొన్నా తప్పదు. ఆపితే నిజంగా మిగిలేది చర వ్యయం 660, దానికి జీతం వాటా 1,00,000 ÷ 5,000 = 20. మొత్తం రూ.680. కొంటే 720 కాబట్టి ప్యానెల్‌కు రూ.40, ఏడాదికి రూ.2,00,000 అదనం. తయారుచేయడమే మేలు.

(ఇ) ఇక్కడ కీలకం మెషీన్ గంట. ఖాళీ అయ్యేవి 5,000 × 2 = 10,000 గంటలు, అంటే 2,500 మోటార్లు.

కొత్త కాంట్రిబ్యూషన్: 2,500 × 300 = రూ.7,50,000
కొనడానికి అదనం: 5,000 × (720 − 660) = రూ.3,00,000
నికర లాభం: రూ.4,50,000

జీతం మిగలదు కనుక ఈసారి 680 కాదు, 660 తీసుకోవాలి. సరిచూసుకుందాం: గంటకు వదులుకునే కాంట్రిబ్యూషన్ 300 ÷ 4 = 75. రెండు గంటలకు 150 కలిపితే సొంత ప్యానెల్ అసలు ఖరీదు 810. కొంటే 90 తక్కువ, 5,000కు అదే 4,50,000. కాబట్టి ప్యానెల్ కొని, మోటార్లు తయారుచేయాలి.

అయితే మోటార్లు అమ్ముడుపోవాలి. 3,00,000 ÷ 300 = 1,000 మోటార్ల కంటే తక్కువ అమ్మితే అదనపు ఖర్చు కూడా రాదు. ఆర్డర్లు చేతికి వచ్చాకే సప్లయర్‌కు సరేననాలని జవాబు చివర ఒక ముక్క రాయండి.