పాత చెవి

ఇల్లు కట్టించిన పెద్దాయన చేతికి వచ్చిన కొత్తలో ఆ ఇత్తడి తాళంచెవి పళ్లు పదునుగా ఉండేవి. రాత్రి తలుపేసి, రెండుసార్లు లాగి చూసి, చెవిని దిండు కింద పెట్టుకునేవాడు. కోడలికి ఏనాడూ ఇవ్వలేదు. ఆయన మంచాన పడ్డాకే ఆమె దాన్ని దిండు కింద నుంచి తీసుకుంది.

ఆమె చేతుల్లోనే అది బాగా అరిగింది. ఇత్తడి మెత్తన, తాళంలోని ఉక్కు గట్టిది. ముందు అరిగేది చెవే కదా. చివరికి తలుపును కాస్త పైకెత్తి, చెవిని వెంట్రుకవాసి వెనక్కి లాగి తిప్పితేనే తెరుచుకునేది. ఆ కిటుకు ఆమెకే తెలుసు. కొడుకు ఎంత ఆలస్యంగా వచ్చినా తనే లేచి తీసేది.

కొడుకు దూరం వెళ్లాక ఇల్లు అద్దెకిచ్చింది. చెవితోపాటు కిటుకూ చూపించింది. అద్దెకున్నతను కొన్నాళ్లు టెన్షన్ పడ్డాడు, తర్వాత వేళ్లకు అలవాటైంది. అతను ఖాళీ చేసేనాటికి ఆమె లేదు. చెవిని కొడుక్కి పోస్టులో పంపాడు, తలుపు ఎలా ఎత్తాలో ఓ కాగితం మీద రాసి.

ఇల్లు కొనేవాళ్లు గుమ్మం ముందు నిలబడ్డారు. పుట్టిపెరిగిన ఇంటి తలుపు తీయడం కొడుక్కి చేతకాలేదు. జేబులోంచి కాగితం తీసి చదివాడు: "తలుపు పైకెత్తండి. చెవి కొంచెం వెనక్కి. మీ అమ్మగారు నేర్పారు." మూడోసారికి తెరుచుకుంది.

"తాళం మార్పించుకుంటాంలెండి," అంది కొన్నావిడ.

"మార్పించండి. పాత తాళం, చెవి రెండూ నాకు ఇచ్చేయండి," అన్నాడతను.