కాస్టింగ్ టెస్టు పేపరు మరోసారి చూడమని కోరుతూ మాస్టారికి ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ,
13-02-2026.

పూజ్యులైన మాస్టారు గారికి,

నమస్కారాలు. నేను సాయంత్రం బ్యాచ్‌లో సీఏ ఇంటర్ కాస్టింగ్ చెప్పించుకుంటున్న లహరిని. పోయిన ఆదివారం మీరు పెట్టిన 70 మార్కుల టెస్టులో నాకు 36 వచ్చాయి. బుధవారం మీరు పేపరు ఇచ్చాక ఇంటికి తీసుకెళ్లి నింపాదిగా చూసుకున్నాను. మూడు నాలుగు చోట్ల మార్కులు మరోసారి చూడమని మిమ్మల్ని అడగాలనిపించింది. క్లాసులో అందరి ముందూ అడిగితే మీ పాఠానికి అడ్డం వస్తుంది. పైగా లెక్కలు నోటితో చెప్పడం నాకు కష్టం. అందుకే ఉత్తరం రాసి, పేపరుతో కలిపి మీ ఇంట్లో అమ్మగారికి ఇచ్చి వెళ్తున్నాను.

ముందు చిన్న విషయం చెప్పేస్తాను. ఆరో ప్రశ్నలో రెండు బిట్లున్నాయి. లోపల మొదటి బిట్‌కు 4, రెండో దానికి 3 వేశారు. పై అట్ట మీద పట్టికలో మాత్రం ఆరో ప్రశ్న ఎదురుగా 5 అని ఉంది. రెండూ కలిపితే 7 కావాలి. అది సరిచేస్తే మొత్తం 38 అవుతుంది. ఒక్క రాత్రిలో అన్ని పేపర్లు దిద్దారు కదా, అట్ట మీదికి ఎక్కించేటప్పుడు జరిగి ఉంటుంది.

రెండోది ప్రాసెస్ కాస్టింగ్ లెక్క, రెండో ప్రశ్న. పదికి 5 వచ్చాయి. ఆరో పేజీలో ప్రాసెస్ అకౌంట్ వేసేసరికి పేజీ అయిపోయింది. నార్మల్ లాస్ అకౌంట్, అబ్నార్మల్ లాస్ అకౌంట్ రెండూ అడిషనల్ షీట్‌లో వేశాను. ఆరో పేజీ అడుగున 'మిగతాది అడిషనల్ షీట్‌లో' అని కూడా రాశాను. ఆ షీటు అన్నిటికంటే వెనక దారంతో కట్టి ఉంది. దాని మీద ఎర్ర ఇంకు గుర్తు ఒక్కటీ లేదు. టిక్కూ లేదు, ఇంటూ లేదు. అది మీ కంట పడలేదనే అనుకుంటున్నాను.

లెక్క మొదటి నుంచీ ఎలా వేశానో ఇక్కడ రాస్తాను, మీకు పేజీలు తిప్పే పని తగ్గుతుంది. 1,000 యూనిట్లు లోపలికి వెళ్లాయి. మెటీరియల్, లేబర్, ఓవర్‌హెడ్స్ కలిపి మొత్తం ఖర్చు రూ. 36,500. నార్మల్ లాస్ 10 శాతం, అంటే 100 యూనిట్లు. స్క్రాప్ యూనిట్‌కు రూ. 5 చొప్పున రూ. 500. మిగిలిన రూ. 36,000ను 900 యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు రూ. 40. వచ్చిన మంచి సరుకు 870 యూనిట్లే కాబట్టి అబ్నార్మల్ లాస్ 30 యూనిట్లు, దాని విలువ రూ. 1,200. ఇంతవరకు ఆరో పేజీలోనే ఉంది, దీనికే మీరు 5 వేశారు.

అడిషనల్ షీట్‌లో అబ్నార్మల్ లాస్ అకౌంట్‌కు రూ. 1,200 డెబిట్ చేసి, ఆ 30 యూనిట్ల స్క్రాప్ రూ. 150 క్రెడిట్ వైపు చూపించి, మిగిలిన రూ. 1,050 కాస్టింగ్ ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్‌కు తీసుకెళ్లాను. నార్మల్ లాస్ అకౌంట్‌లో ప్రాసెస్ నుంచి వచ్చిన రూ. 500, అబ్నార్మల్ లాస్ నుంచి వచ్చిన రూ. 150 కలిపి, క్రెడిట్ వైపు 130 యూనిట్ల స్క్రాప్ అమ్మకం రూ. 650 పెట్టాను. బ్యాలెన్స్ సరిపోయింది. మిగతా 5 మార్కులు ఈ రెండు అకౌంట్లకే అని మీరు బోర్డు మీద వేసిన కీలో ఉంది. దయచేసి ఆ షీటు ఒక్కసారి చూడండి.

మూడోది ఓవర్‌హెడ్స్. మాస్టారూ, ఈ ఉత్తరం ముఖ్యంగా దీని కోసమే రాస్తున్నాను. మూడో ప్రశ్నలో పదికి 4 వచ్చాయి. పక్కన మీరు ఎర్ర ఇంకుతో 'మెథడ్?' అని రాశారు. దాని అర్థం తెలియక రెండు రోజులుగా నాకు ఒకటే టెన్షన్.

లెక్కలో రెండు సర్వీస్ డిపార్ట్‌మెంట్లున్నాయి. మొదటి దాని ఓవర్‌హెడ్స్ రూ. 4,600, రెండో దానివి రూ. 3,000. మొదటిది తన సేవలో 20 శాతం రెండో దానికిస్తుంది, రెండోది 10 శాతం మొదటి దానికిస్తుంది. మిగతాదంతా రెండు ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్లకు వెళ్తుంది. ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటున్నాయి కాబట్టి నేను సైమల్టేనియస్ ఈక్వేషన్స్ పద్ధతిలో చేశాను:

```
X = 4,600 + 0.10Y
Y = 3,000 + 0.20X
X = 5,000
Y = 4,000
```

ఆ తర్వాత X నుంచి 50 శాతం, 30 శాతం, Y నుంచి 40 శాతం, 50 శాతం పంచితే మొదటి ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్‌కు రూ. 4,100, రెండో దానికి రూ. 3,500 వచ్చాయి. కూడితే రూ. 7,600. అది మొదట ఉన్న 4,600, 3,000ల మొత్తమే.

మీ కీలో రిపీటెడ్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిలో ఉంది. బుధవారం రాత్రి ఇంటి దగ్గర ఆ పద్ధతిలోనూ చేసి చూశాను. మొదటి డిపార్ట్‌మెంట్ 4,600 పంచడం, దాంతో రెండోది 3,920 కావడం, అది పంచితే 392 వెనక్కి రావడం, మళ్లీ 78, మళ్లీ 8, చివరికి 2. రూపాయలకు సర్దుకుంటూ పోతే అక్కడా 4,100, 3,500 దగ్గరే ఆగింది. ప్రశ్నలో 'సర్వీస్ డిపార్ట్‌మెంట్ల ఓవర్‌హెడ్స్‌ను ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్లకు పంచండి' అని మాత్రమే ఉంది, ఫలానా పద్ధతిలో చేయమని లేదు. జనవరిలో ఈ చాప్టర్ చెప్పినప్పుడు మీరే ఒకే లెక్కను రెండు పద్ధతుల్లోనూ చేసి, ఆన్సర్ ఒకటే వస్తుందని చూపించారు. ఆ రోజు నోట్సు నా దగ్గర భద్రంగా ఉంది. స్టెప్ పద్ధతి అయితే ఒక వైపు సేవను వదిలేస్తుంది, ఇక్కడ అది పనికిరాదని కూడా ఆ రోజే చెప్పారు. అందుకే దాని జోలికి వెళ్లలేదు.

ఈక్వేషన్లు ఎలా వేశానో, ఎలా సాల్వ్ చేశానో పేపర్లో అన్ని స్టెప్పులూ ఉన్నాయి. చివర డిస్ట్రిబ్యూషన్ స్టేట్‌మెంట్ కూడా గీశాను. ఈ పద్ధతిలో ఇంకేదైనా రాయాల్సింది ఉంటే చెప్పండి, మే పరీక్షకు అలాగే రాస్తాను. పద్ధతి సరే అనుకుంటే మాత్రం ఆ మార్కులు ఇవ్వమని వేడుకుంటున్నాను.

చివరిది వేరియన్స్ లెక్క, ఐదో ప్రశ్న. స్టాండర్డ్ యూనిట్‌కు 5 కిలోలు, కిలో రూ. 40. తయారైనవి 400 యూనిట్లు. కొన్నది 2,400 కిలోలు, కిలో రూ. 38 చొప్పున. వాడింది 2,100 కిలోలు. నేను ప్రైస్ వేరియన్స్ వాడిన 2,100 కిలోల మీద లెక్కగట్టి రూ. 4,200 ఫేవరబుల్ అని వేశాను. మీ కీలో కొన్న 2,400 కిలోల మీద రూ. 4,800 ఉంది. యూసేజ్ వేరియన్స్ ఇద్దరికీ ఒకటే, రూ. 4,000 అడ్వర్స్. అదే ప్రశ్నలో కాస్ట్ వేరియన్స్ కూడా అడిగారు కదా, అది రూ. 200 ఫేవరబుల్. ప్రైస్, యూసేజ్ కలిపితే కాస్ట్ వేరియన్స్‌తో సరిపోవాలని చూసి నేను వాడకం మీదే వేశాను. 'ప్రైస్ వేరియన్స్‌ను వినియోగం ప్రాతిపదికన లెక్కించాను' అని కింద వర్కింగ్ నోట్‌లో ఒక వాక్యం కూడా రాశాను. దీనికి రెండు మార్కులు పోయాయి. ఇందులో మాత్రం మీ మాటే నాకు ప్రమాణం. కొనుగోలు ఎంతో ఇచ్చినప్పుడు దాని మీదే వేయాలంటే ఇకపై అలాగే వేస్తాను. నోట్ రాస్తే ఒప్పుకుంటారంటే ఆ రెండు మార్కుల సంగతి ఆలోచించండి.

మిగతా ప్రశ్నల్లో వేసిన మార్కుల గురించి నేనేమీ అడగడం లేదు.

ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. ఈ టెస్టులో 40 దాటిన వాళ్లే మేలో రెండో గ్రూపుకు కూర్చోండి, తక్కిన వాళ్లు సెప్టెంబర్‌కు చూసుకోండి అని మీరు బ్యాచ్ మొదట్లోనే చెప్పారు. కాస్టింగ్ రెండో గ్రూపులోనే ఉంది. ఆడిటింగ్, ఎఫ్‌ఎమ్ పేపర్లకు నేను బాగానే ప్రిపేర్ అయ్యాను. నాన్నగారికి మార్కులు చెప్పగానే 'మాస్టారు చెప్పినట్టే చేద్దాం, మేలో వద్దులే' అన్నారు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. నిజంగా నాకు రాకపోతే సెప్టెంబర్ దాకా ఆగడానికి నాకు ఏ బాధా లేదు. చేసిన లెక్క సరిగ్గా ఉండి కూడా ఆగాలంటేనే కష్టంగా ఉంది.

ఇంకొక భయం కూడా ఉంది. రేపు ఇన్‌స్టిట్యూట్ పరీక్ష రాశాక మార్కుల మీద అనుమానం వస్తే వెరిఫికేషన్ అడగాలి కదా. టోటల్ సరిగ్గా వేశారా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా అని చూస్తారు. మళ్లీ దిద్దమని అడగడానికి అక్కడ వీల్లేదు. అందుకే అడిషనల్ షీటు ఎక్కడ కట్టాలి, పద్ధతి పేరు పైన రాయాలా, అజంప్షన్ నోట్ ఎక్కడ పెడితే దిద్దేవాళ్లకు కనపడుతుంది అనే సంగతులన్నీ మీ దగ్గరే తేల్చుకోవాలని ఉంది.

నా పేపరు, అడిషనల్ షీటు, రిపీటెడ్ డిస్ట్రిబ్యూషన్‌లో నేను ఇంటి దగ్గర చేసిన కాగితం మూడూ ఈ ఉత్తరంతో పిన్ చేశాను. మీకు వీలైనప్పుడు చూడండి. ఆదివారం క్లాసు తొమ్మిదింటికి కదా, మీరు సరే అంటే నేను ఎనిమిదిన్నరకే వస్తాను. కుదరదంటే క్లాసు అయ్యాక ఆగుతాను. తిరిగి చూశాక మార్కులు పెరిగినా, ఉన్నవే ఉన్నా, తగ్గినా మీరు వేసిందే నాకు సమ్మతం.

కాస్టింగ్ అంటేనే భయపడి కామర్స్ వదిలేద్దామనుకున్న నన్ను కాస్ట్ షీట్ దగ్గర్నుంచి కూర్చోబెట్టి నేర్పించారు. ఆ చనువుతోనే ఇదంతా రాశాను. ఎక్కడైనా మాట ఎక్కువ తక్కువ అయి ఉంటే మన్నించండి.

ఇట్లు,
మీ విద్యార్థిని,
లహరి
సీఏ ఇంటర్, సాయంత్రం బ్యాచ్

జతచేసినవి: టెస్టు జవాబు పేపరు, అడిషనల్ షీటు, మూడో ప్రశ్నకు ఇంట్లో చేసిన లెక్క.